ఫ్రిల్ కుచ్చులు ఒకచోట గుంపుగా, ఒకచోట పల్చగా వస్తుంటే

ఫ్రిల్ వేయడంలో వచ్చే తంటాలన్నీ చివర్లో, మిషన్ మీద బయటపడతాయి. తీరా వెతికితే వాటి మూలం చాలాసార్లు కుచ్చు లాగకముందే, కొలతల దగ్గరో టెన్షన్ దగ్గరో ఉంటుంది. అందుకని ఏ లోపం కనపడితే ఎక్కడికి వెనక్కి వెళ్లి చూసుకోవాలో ఒక గౌనును పట్టుకుని చెబుతాను.

పాప గౌను కింద ముక్క వెడల్పు, మార్జిన్ పోను, 40 అంగుళాలు. దాని కింద నూలు పాప్లిన్ ఫ్రిల్, దానికి రెట్టింపు, అంటే 80 అంగుళాలు. ఒక్కొక్కటి 41 అంగుళాలుండే రెండు పట్టీలు కత్తిరించి అర అంగుళం మార్జిన్‌తో కలిపితే 81 వస్తుంది. రెండు చివర్లా అర అంగుళం చొప్పున మార్జిన్ పోతే సరిగ్గా 80. గౌను పక్క కుట్టు ఇంకా వేయలేదు కాబట్టి ముక్క బల్ల మీద చాపలా పరుచుకుని ఉంటుంది. గుండ్రంగా కలిపేశాక కుచ్చులు సర్దడం కన్నా ఇది ఎంతో తేలిక.

ఫ్రిల్‌ను గౌనుకు కలిపే కుట్టు అంచు నుంచి 12 మి.మీ. లోపల పడుతుంది. కుచ్చు లాగడానికి వేసే పెద్ద కుట్ల వరసలు రెండూ దానికి అటొకటి, ఇటొకటి: 9 మి.మీ. దగ్గర ఒకటి, 15 మి.మీ. దగ్గర ఒకటి. ఒక్క వరసే వేస్తే కుచ్చు ఆ దారం చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంది. రెండు వరసల మధ్య పట్టి ఉంచితే నిలువుగా, కదలకుండా ఉంటుంది. అసలు కుట్టు ఆ మధ్యలోంచే వెళ్తుంది.

దారం లాగితే కదలడం లేదు, గట్టిగా లాగితే తెగుతోంది

ముందు కుట్టు పొడవు చూడండి. మామూలు కుట్టు 2.5 మి.మీ. ఉంటే కుచ్చులకు 4 నుంచి 5 మి.మీ. కావాలి. మీ మిషన్‌లో పొడవు మీట ఎంతవరకు పోతే అంతవరకు పెట్టేయొచ్చు. తర్వాత పై దారం టెన్షన్. అది మామూలుగా ఉంటే పై దారం, బాబిన్ దారం బట్ట మధ్యలో ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి, ఇక ఏదీ జారదు. ఒకటి రెండు అంకెలు తగ్గిస్తే బాబిన్ దారం అడుగున తీగలా తిన్నగా పడుకుంటుంది. లాగాల్సింది దాన్నే. పై దారాన్ని లాగేవాళ్లకు ఎంత లాగినా రాదు.

మొదట్లో అలవాటుగా రివర్స్ కుట్టు వేసేసినా ఇదే గతి, ఆ కొస నుంచి దారం రాదు. రెండు కొసల్లోనూ నాలుగేసి అంగుళాల దారం వదిలి ఊరుకోండి. బాబిన్‌లో వేరే రంగు దారం ఎక్కిస్తే ఏది లాగాలో తడుముకోనక్కర్లేదు, కాకపోతే రంగు దిగని దారం చూసుకోండి. రెండు వరసలూ బట్ట మంచివైపు పైకి పెట్టే కుట్టండి. అప్పుడు రెండు బాబిన్ దారాలూ తిరగవైపునే ఉంటాయి, రెంటినీ కలిపి ఒకేసారి లాగొచ్చు. ఒక వరస ఇటునుంచి, ఇంకోటి అటునుంచి కుడితే చెరో వైపు ఒక దారం పడి చేతులు చాలవు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఫ్రిల్ మధ్యలోకొచ్చేసరికి దారం ఆగిపోతోందంటే, అక్కడ రెండు పట్టీలు కలిపిన అతుకు ఉండి ఉంటుంది. ఆ మందంలో దారం ఇరుక్కుంటుంది. వరసను అతుకు మీదుగా పోనివ్వకుండా దానికి ముందే ఆపి, అవతల మళ్లీ మొదలుపెట్టండి. 80 అంగుళాల దారాన్ని ఒకేసారి లాగడమూ తప్పుతుంది. నలభై నలభైగా రెండు భాగాలు, ఒక్కోదాన్ని రెండు కొసల నుంచి మధ్యకు లాగడం.

లాగుతుండగా రెంటిలో ఒక దారం తెగితే రెండో దాని మీదే నడిపించేద్దామనిపిస్తుంది. వద్దు. ఆ భాగం మాత్రం చదును చేసి, తెగిన వరస మళ్లీ వేసుకుని అప్పుడు లాగండి. కొత్త బట్టకున్న గంజి కూడా దారాన్ని పట్టేస్తుంది. నూలు బట్టను ఎలాగూ కత్తిరించకముందే తడిపి ఆరేస్తాం కదా, దానితో ఇదీ పోతుంది.

కుచ్చులు ఒకచోట గుంపు కట్టి, ఇంకోచోట బోసిగా ఉన్నాయి

ఎక్కువమందిని విసిగించేది ఇదే. దారం లాగినప్పుడు కుచ్చులు చెయ్యి దగ్గరే పోగుపడతాయి, మధ్యకు వాటంతటవి పోవు. కంటితో చూసి సమంగా పరుద్దామంటే 40 అంగుళాల పొడవున ఏ కన్నూ అంత కచ్చితంగా చూడలేదు. కాబట్టి పనిని చిన్న గళ్లుగా విడగొట్టాలి, అదీ దారం లాగకముందే.

మన గౌను ముక్కను ఎనిమిది భాగాలు చేయండి. పక్క మార్జిన్ అర అంగుళం వదిలి, అక్కడి నుంచి ప్రతి 5 అంగుళాలకూ అంచున చాక్ గీత పెట్టండి. ఫ్రిల్ మీద కూడా అలాగే మార్జిన్ వదిలి, ప్రతి 10 అంగుళాలకూ ఒక గీత. ఫ్రిల్ అతుకు సరిగ్గా నడిమి గీత మీదకు వస్తుంది, అది లెక్క సరిపోయిందనడానికి గుర్తు. ఇప్పుడు మంచివైపులు కలిసేలా ఫ్రిల్‌ను ముక్క మీద బోర్లించి, గీతకు గీత పెట్టి గుండుసూదులు గుచ్చండి. సూదికీ సూదికీ మధ్య అడుగున 5 అంగుళాల ముక్క, పైన 10 అంగుళాల వదులు ఫ్రిల్ వేలాడుతూ ఉంటాయి. ఇక దారం లాగుతూ ఏ గడిలో వదులును ఆ గడిలోనే సరిపెట్టాలి. ఒక గడిలోని కుచ్చు సూది దాటి పక్క గడిలోకి పోకూడదు, అంతే.

ముక్కకు ఫ్రిల్ సరిపోయే దాకా లాగాక, రెండు బాబిన్ దారాలనూ కొసనున్న గుండుసూది చుట్టూ 8 అంకె ఆకారంలో నాలుగైదు సార్లు చుట్టండి. ముడి వేయొద్దు, తర్వాత సవరించాల్సి వస్తే విప్పలేక చావాలి. ఆ తర్వాత ఒక్కో గడిలో సర్దడం. ఎడమచేతి బొటనవేలితో వరసల కింద ఫ్రిల్‌ను పట్టుకుని, కుడిచేత్తో కుచ్చులను దారం మీద కొద్దికొద్దిగా జరపండి. అంచును పైకి, ఫ్రిల్‌ను కిందికి చిన్నగా గుంజితే కుచ్చులు నిలువుగా సర్దుకుంటాయి. అయిందో లేదో తెలియాలంటే కిటికీ వైపు ఎత్తి పట్టి చూడండి. గుంపు కట్టినచోట నల్లగా, పల్చగా ఉన్నచోట వెలుతురుగా కనిపిస్తుంది. బల్ల మీద పెట్టి చూస్తే ఈ తేడా దొరకదు.

చేయి తిరిగిన టైలర్లు దారమే లేకుండా, ఫుట్ కిందకి సూదిమొనతో బట్ట తోస్తూ కుచ్చులు పెట్టేస్తారు. లోపలి పావడాకు ఆ పని చాలు. అందరికీ కనపడే పాప్లిన్ ఫ్రిల్‌కు మాత్రం గీతలు పెట్టుకోవడమే మేలు.

గుచ్చినప్పుడు సరిపోయింది, కుట్టేసరికి అడుగు ముక్క అయిపోయి ఫ్రిల్ మిగిలింది

మిషన్ పళ్లు అడుగు బట్టను ముందుకు లాగుతాయి, పైనున్న బట్టను ఫుట్ వెనక్కి పట్టి ఉంచుతుంది. అందువల్ల పై పొర వెనకబడి చివర్లో మిగిలిపోతుంది. సూదులు దూరం దూరంగా ఉంటే ఇది తప్పదు. గడి మధ్యలో కూడా రెండు మూడు సూదులు, అంచుకు అడ్డంగా గుచ్చండి. సూది దగ్గరకు రాగానే ఆగి తీసేయాలి, దాని మీదుగా తొక్కితే మిషన్ సూది విరుగుతుంది.

దీనికి ఉల్టా జరిగి గౌను ముక్కే సాగి మిగిలిందంటే అది ఐమూలగా కత్తిరించినదై ఉంటుంది. ఘేరు ఎక్కువున్న గౌన్లలో పక్కలు అలాగే సాగుతాయి. దాన్ని పట్టుకుని లాగకుండా బల్ల మీద పరిచే కొలవండి.

కుట్టులో చిన్న మడతలు పడ్డాయి, కొన్ని కుచ్చులు పక్కకు వాలిపోయాయి

కుచ్చులున్న వైపు కిందకి పెట్టి కుట్టారేమో చూడండి. అలా కుడితే పళ్ల కింద ఏం జరుగుతోందో కనపడదు. ఫ్రిల్ ఎప్పుడూ పైనే ఉండాలి. కుట్టు పొడవు 2.5కి, టెన్షన్ మామూలుకు తెచ్చుకోవడం మరిచిపోవద్దు, ఆ పెద్ద కుట్లతోనే కుట్టేస్తే ఒక్క ఉతుకుకే ఊడుతుంది. ఫుట్‌కు ముందు ఒక అంగుళం మేర కుచ్చులను లావు సూది మొనతో నిలువుగా ఉంచుతూ, రెండు వరసల మధ్యలోంచి మెల్లగా నడపండి. వేగంగా తొక్కితే ఫుట్ కుచ్చును మడిచి తొక్కేస్తుంది.

కుట్టాక వెంటనే పెద్ద కుట్లు తీసేయొద్దు. ముందు తిరగేసి మంచివైపు చూడండి. కుట్టు మీద ఎక్కడైనా బట్ట మూడు పొరలుగా మడతపడి ఉబ్బెత్తుగా ఉంటే, ఆ మడతకు అటూ ఇటూ ఒక అంగుళం కుట్టు మాత్రమే విప్పి, కుచ్చు సర్ది, పాత కుట్టు మీదకు కాస్త ఎక్కిస్తూ మళ్లీ కుట్టండి. పెద్ద కుట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి కుచ్చులు చెదరవు. అవి తీసేసి ఉంటే మొత్తం మళ్లీ మొదలే.

మంచివైపు దారం కనిపిస్తోంది, తీస్తే రంధ్రాలు మిగిలాయి

15 మి.మీ. దగ్గరి వరస బయటికి కనిపిస్తుంది, అది తీసేయడానికే ఉంది. బాబిన్ దారం కొస పట్టి లాగితే జారి వచ్చేస్తుంది, పైది దానంతటదే ఊడుతుంది. నూలు బట్ట మీద మిగిలిన రంధ్రాలు ఒకసారి తడిస్తే మూసుకుపోతాయి. సాటిన్, పట్టులో మూసుకోవు. అలాంటి బట్టకు రెండు వరసలూ మార్జిన్‌లోనే, 5 మి.మీ. దగ్గర ఒకటి, 10 మి.మీ. దగ్గర ఒకటి వేసుకోండి. కుచ్చులు మరీ అంత నిలకడగా ఉండవు, అయినా బట్ట పాడవదు.

కుచ్చులు సమంగానే ఉన్నాయి, ఫ్రిల్ మాత్రం బిర్రుగా పైకి లేస్తోంది

రెట్టింపు అనేది పాప్లిన్‌కు సరిపోయే లెక్క. మందపు బట్టకు ఒకటిన్నర రెట్లు చాలు, ఎక్కువైతే కుట్టు దగ్గర దిండులా ఉబ్బుతుంది. జార్జెట్, నెట్‌కు రెండున్నర నుంచి మూడు రెట్లు పెట్టకపోతే వెలవెలబోతుంది. పట్టీని ఎటునుంచి కత్తిరించారన్నదీ చూడాలి. బట్ట పన్నా వెంట, అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు కత్తిరిస్తే పడుగు నూలు ఫ్రిల్‌లో నిలువుగా వచ్చి కుచ్చులు మెత్తగా జారతాయి. అంచు పొడవున కత్తిరిస్తే అతుకులు తగ్గుతాయి గానీ కుచ్చులు బిగుసుకుని నిలబడతాయి.

ఇవేవీ కాకపోతే ఇస్త్రీయే కారణం. ఇస్త్రీ పెట్టెను కుచ్చుల మీద అడ్డంగా నడిపితే అవి అణిగి మడతలైపోతాయి. తిరగవైపు నుంచి మార్జిన్‌ను మాత్రం ఒత్తి, పెట్టె మొనను కుట్టు దాకా తీసుకెళ్లి ఆపేయండి. మార్జిన్‌ను ఓవర్‌లాక్ చేసి గౌను వైపుకు, పైకి మడిచి, మంచివైపు నుంచి గౌను ముక్క మీద, అతుక్కి 3 మి.మీ. పైన ఒక కుట్టు వేస్తే మార్జిన్ కిందికి జారదు, ఫ్రిల్ కిందికి వాలుతుంది.