సైకాలజీ ఎస్సే: ముందు వాదన, తర్వాతే సాక్ష్యం

"మూల్యాంకనం చేయండి" అంటే తెలిసిందంతా రాసేసి మార్కులు పోగొట్టుకునేవాణ్ణి. ఇప్పుడు పాత ప్రశ్నపత్రంలోంచి ఒక ప్రశ్న తీసుకుని, ముందు సిద్ధాంతం చెప్పే వాదనను ఒక్క వాక్యంలో రాస్తాను. దాని కింద ఒక అనుకూల సాక్ష్యం, ఒక వ్యతిరేక సాక్ష్యం. ప్రతిదాని చివరా "కాబట్టి" అని ఒక వాక్యం.

అట్కిన్సన్, షిఫ్రిన్ 1968 నమూనానే చూడండి: స్వల్పకాలిక, దీర్ఘకాలిక జ్ఞాపకాలు వేరు, సమాచారం మొదటిది దాటితేనే రెండోదానికి చేరుతుంది. హెచ్.ఎం. అనే రోగికి స్వల్పకాలికం బాగానే ఉన్నా కొత్త సంగతులు నిలవలేదు. కాబట్టి రెండూ వేరు. కె.ఎఫ్. అనే మరో రోగికి స్వల్పకాలికం దెబ్బతిన్నా కొత్తవి నేర్చుకోగలిగాడు. కాబట్టి "దాటితేనే" అన్న ముక్క నిలవదు. (వేరన్న ముక్కకు మాత్రం కె.ఎఫ్. కూడా అనుకూలమే, ఇక్కడే చాలామంది తడబడతారు.)

ప్రశ్నలో "వివరించండి" అని మాత్రమే ఉంటే ఇది పనికిరాదు, టైం వృథా.