ఇంగ్లీషు స్వయంశిక్షణ – 7వ పాఠం: పవర్‌ఫుల్ టీ ఎందుకు కుదరదు?

గత పాఠంలో తయారుచేసుకున్న పర్యాయపదాల పట్టికలో స్ట్రాంగ్, పవర్‌ఫుల్ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి వాడేయవచ్చని ఆ పట్టిక మీకు ఆశ కల్పించి ఉంటుంది. దాన్ని మరీ నమ్మకండి.

ఇంగ్లీషులో స్ట్రాంగ్ టీ అంటారు, పవర్‌ఫుల్ టీ అనరు. కారు దగ్గరికి వచ్చేసరికి పవర్‌ఫుల్ కార్ అంటారు. ఆర్గ్యుమెంట్‌కు మాత్రం రెండూ నప్పుతాయి. భాషాశాస్త్రవేత్త మైకేల్ హాలిడే 1966లో చూపిన ఉదాహరణ ఇది. ఇలా అలవాటుగా కలిసి వచ్చే మాటలను కొలొకేషన్ అంటారు.

అర్థంతో కొంత సర్దిచెప్పుకోవచ్చు. టీ విషయంలో స్ట్రాంగ్ అంటే డికాక్షన్ చిక్కదనం. పవర్‌ఫుల్ అంటే పని జరిపించే సత్తా, అది ఇంజనుకు ఉంటుంది. కానీ ఈ తర్కం ఎంతో దూరం నడవదు. ఒకే తుఫానులో వచ్చిన గాలి స్ట్రాంగ్ విండ్ అవుతుంది, వాన హెవీ రెయిన్ అవుతుంది. కారణం అడిగితే వాడుక అనే చెప్పాలి. మనం మాత్రం? భారీ వర్షం అంటాం, బరువైన వర్షం అనం.

ఇప్పుడు ఒక వాక్యం దిద్దుదాం. నిన్నటి వానను ‘స్ట్రాంగ్ రెయిన్’ అని రాశారనుకోండి. వ్యాకరణం తప్పు పట్టదు, చదివేవారి చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇలాంటప్పుడు నిఘంటువులో స్ట్రాంగ్ అనే విశేషణాన్ని వెతికితే లాభం తక్కువ. నామవాచకం దగ్గర, అంటే రెయిన్ దగ్గర, ఉదాహరణ వాక్యాలు చూడండి. అక్కడ హెవీ కనిపిస్తుంది. మనం తరచూ రాసే ‘డిడ్ ఎ మిస్టేక్’కూ ఇదే వైద్యం. తెలుగులో తప్పు ‘చేస్తాం’ కాబట్టి డూ వచ్చి కూర్చుంటుంది. మిస్టేక్ దగ్గర వెతికితే మేక్ దొరుకుతుంది.

నిఘంటువుతో తేలకపోతే గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ తెరిచి ఇలా టైపు చేయండి:

```
*_ADJ rain
```

అచ్చయిన పుస్తకాల్లో రెయిన్‌కు ముందు ఎక్కువగా వచ్చే విశేషణాలు గ్రాఫులో కనిపిస్తాయి. రెండు జంటలను పోల్చాలంటే మధ్యలో కామా పెట్టండి:

```
strong tea,powerful tea
```

ఇక్కడొక తిరకాసు ఉంది. ఆ పరికరం పక్కపక్కన పడిన మాటలను లెక్కిస్తుందే తప్ప వాక్యాన్ని అర్థం చేసుకోదు. పలుకుబడి గల టీ వర్తకుల గురించి ఎవరైనా ‘పవర్‌ఫుల్ టీ మర్చంట్స్’ అని రాస్తే, అదీ పవర్‌ఫుల్ టీ లెక్కలో చేరుతుంది. ఇది తప్పు ప్రయోగమని చెప్పే వ్యాకరణ పుస్తకాలూ అంతే. అందుకే కొద్దిపాటి అంకె కనిపించగానే ప్రయోగం సరైనదని అనుకోవద్దు. రెండు గీతల మధ్య ఎంత ఎడం ఉందో చూడండి.

అభ్యాసం: స్మోకర్, ట్రాఫిక్, ఇంజిన్, యాక్సెంట్. వీటిలో ప్రతిదానికీ హెవీ, స్ట్రాంగ్, పవర్‌ఫుల్‌లలో ఏది నప్పుతుందో రాయండి. ఒకదానికి హెవీ, స్ట్రాంగ్ రెండూ కుదురుతాయి. జవాబులు 8వ పాఠంలో.