అంచు సర్దినా నడుము దగ్గర ఉబ్బు పోవడం లేదా?

సమస్య

బిగుతు చొక్కాగానీ బ్లౌజుగానీ వేసుకున్న వ్యక్తి పోర్ట్రెయిట్‌లో, నడుము పక్కన ఉబ్బెత్తుగా ఉన్న అంచును ఫొటోషాప్‌లోని Liquify తో లోపలికి నెట్టారు. అంచు నున్నగానే వచ్చింది. అయినా కాస్త దూరం నుంచి చూస్తే ఉబ్బు అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంకొంచెం నెడితే నడుము అసహజంగా సన్నబడి, చేతికీ ఒంటికీ మధ్య సందు పెరుగుతుంది తప్ప ఉబ్బు మాత్రం కదలదు.

ముందుగా చూడవలసింది

అంచు జోలికి పోకముందే లేయర్లన్నిటికీ పైన ఒక Black & White అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, ఫొటోను తెరమీద అరచేయంత చిన్నదిగా చేసి చూడాలి. అప్పుడు కంటికి ముందుగా తగిలేది అంచు వంకరా, లేక గుడ్డ మధ్యలోని నలుపు తెలుపు పట్టీలా అన్నది వెంటనే తేలిపోతుంది. అర నిమిషం పట్టని ఈ పరీక్షను వదిలేసి గంటల తరబడి బ్రష్‌తో నెడుతూ కూర్చునేవారినే నేను ఎక్కువగా చూస్తుంటాను.

అసలు కారణం

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. గుడ్డ పొంగినట్టు కన్ను గ్రహించేది అంచును బట్టి మాత్రమే కాదు, గుడ్డ మీది వెలుగునీడలను బట్టి కూడా. వెలుగు పైనుంచి పడినప్పుడు పొంగిన భాగం పైవైపు తెల్లబడుతుంది, దాని కిందివైపు నీడ పడుతుంది. Liquify పిక్సెళ్లను జరుపుతుందే గానీ ఈ తేడాను తగ్గించదు. పైగా నెట్టినచోట ఆ పట్టీలు ఇరుకై, వెలుగు నుంచి నీడకు మారే దూరం తగ్గిపోతుంది కనుక మడత మునుపటికన్నా పదునుగా కనిపించే ప్రమాదమూ ఉంది.

పరిష్కారం

లేత నీలం చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్న వ్యక్తి ఫొటో ఒకటి తీసుకుందాం. వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతోంది. బెల్టుకు పైన గుడ్డ పొంగి, ఒక తెల్లటి పట్టీ, దాని కింద వేలెడు వెడల్పున నీడ పట్టీ ఏర్పడ్డాయి. అడుగు గుండీ దగ్గర నుంచి పక్కకు రెండు సన్నని ముడతలు లాగుతున్నాయి.

అంచును కొద్దిగా, ఉబ్బుకన్నా పెద్ద బ్రష్‌తో సర్దిన తరువాత, రెండు Curves లేయర్లు పెట్టి ఒకదానిలో వెలుగు పెంచి, మరొకదానిలో తగ్గించాలి. రెంటికీ బ్లెండింగ్ మోడ్‌గా Luminosity ఎంచుకుని, మాస్కులను నలుపు చేసుకోవాలి. ఆపైన పట్టీ వెడల్పున్న మెత్తని తెల్ల బ్రష్‌తో, Flow 3% నుంచి 5% మధ్య ఉంచి, ముందు నీడ పట్టీని వెలిగించి, తరువాత తెల్ల పట్టీని అణచాలి. రెంటి మధ్య తేడా సుమారు సగానికి తగ్గగానే ఆగి, చిన్నదిగా చేసి మళ్లీ చూడాలి. బెల్టును ఆనుకున్న సన్నని నీడను ముట్టుకోకూడదు, ఎందుకంటే లోపలికి దోపిన చొక్కాకు అక్కడ నీడ ఉండి తీరాలి. వెలిగించినచోట రంగు వెలిసినట్టుంటే, పక్క గుడ్డ రంగును తీసుకుని Color మోడ్‌లో ఉన్న కొత్త లేయర్ మీద పల్చగా పూస్తే సరిపోతుంది.

గుండీ దగ్గరి ముడతలకు Clone Stamp ను Lighten మోడ్‌లో వాడితే, నమూనాకన్నా ముదురుగా ఉన్న భాగాలే మారతాయి. నమూనాను అదే నేత దిశలో, దగ్గరలోనే తీసుకోవాలి. రెండు ముడతల్లో ఒకదాన్ని సగం తగ్గించి వదిలేయడమే నా పద్ధతి. రెండూ తుడిచేస్తే గుండీ దగ్గర గుడ్డ బిగిసి ఉన్నా ముడతే లేకపోవడం అబద్ధంలా కనబడుతుంది.

మిగిలినవి

Healing Brush వాడినప్పుడు అంచు దగ్గర మరకలా అలుక్కుపోతే, అది ఆ బ్రష్ బయటి రంగును లోపలికి లాగడం వల్ల. చొక్కా లోపలి భాగాన్ని సెలెక్షన్‌లోకి తీసుకుని చేస్తే ఆగుతుంది. వెనకున్న గోడ గీత వంగితే, నెట్టేముందు దాన్ని Freeze Mask తో కప్పలేదని అర్థం.

గళ్ల చొక్కాల సంగతి వేరు. అక్కడ ప్రతి గీతా గుడ్డ వంపును చూపిస్తుంది కనుక, వెలుగునీడలు ఎంత సరిచేసినా వంగిన గీతలు ఉబ్బును పట్టిస్తాయి. అలాంటివాటిలో చదునుగా ఉన్న భాగాన్ని కాపీ చేసి, Warp తో గళ్లను గీతకు గీత కలిపి అతకడమే దారి. అతికినచోట గీతలు కలవకపోతే ఉబ్బును ఉన్నట్టే వదిలేయడం మేలు.