ప్లాబ్ 2కి విజిటర్ వీసా తిరస్కరణ: నోటీసులోని నంబర్ చూసి లోపం పట్టుకోవడం

బ్రిటన్‌లో ప్రాక్టీసు చేయాలనుకునే విదేశీ డాక్టర్లు రాసే ప్లాబ్ పరీక్షలో రెండో భాగమైన ప్లాబ్ 2 మాంచెస్టర్‌లో తప్ప ఎక్కడా జరగదు. బ్రిటన్ వీసా కావాల్సిన డాక్టర్లకు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. తిరస్కరణ నోటీసులో బ్రిటన్ ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లోని ఏ పేరా నంబర్ చెప్పారో ముందు చూడండి. కారణం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

సమస్య: V 4.2(c), వచ్చే పని నమ్మలేదు

పరీక్ష రాయడానికి వచ్చేవాళ్లు దాన్ని నిర్వహించే జనరల్ మెడికల్ కౌన్సిల్, అంటే జీఎంసీ నుంచి రాతపూర్వక నిర్ధారణ చూపించాలి. చాలామంది ప్లాబ్ 1 ఫలితం పెట్టి సరిపెడతారు, లేదా అక్కడి స్నేహితుడి ఆహ్వాన లేఖ జతచేస్తారు. ఆ లేఖ బస ఎక్కడో చెబుతుందే గానీ పరీక్ష సీటు ఉందని చెప్పదు. కాబట్టి ముందు సీటు బుక్ చేసుకుని, తేదీ ఉన్న నిర్ధారణను పెట్టండి. అందులోని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే అప్లికేషన్‌కు ముందే జీఎంసీ ఖాతాలో సరిచేయించుకోండి.

సమస్య: V 4.2(e), డబ్బు చాలదు

డబ్బు ఉండీ ఈ మాట వస్తుంది. ఉదాహరణకు, స్టేట్‌మెంట్‌లో నెలనెలా జీతం పడి ఖర్చయిపోతోంది. అప్లికేషన్‌కు వారం ముందు జీతానికి ఎనిమిది రెట్ల మొత్తం ఒక్కసారిగా జమయింది. అది అప్పు తెచ్చి చూపించినట్టు కనిపిస్తుంది. తండ్రి ఇచ్చి ఉంటే ఆయన లేఖ, ఆయన ఖాతా స్టేట్‌మెంట్, మీ బంధుత్వం తెలిపే పత్రం, మూడూ కలిపి పెట్టండి.

సమస్య: V 4.2(a), తిరిగి వెళ్తారని నమ్మలేదు

ఇదే మొండి కేసు. ప్లాబ్ రాసేవాళ్లు చివరికి అక్కడ ఉద్యోగం చేయాలనుకుంటారని అధికారికీ తెలుసు, దాచడం దండగ. పరీక్ష అయ్యాక తిరిగి వస్తామని, ఉద్యోగం దొరికితే స్వదేశం నుంచే వర్క్ వీసాకు అప్లై చేస్తామని కవర్ లెటర్‌లో రాయండి. విజిటర్‌గా ఉండి అక్కడే వర్క్ వీసాకు మారడం ఎలాగూ కుదరదు. దానికి తోడు ఆసుపత్రి ఇచ్చిన సెలవు లేఖ ఉండాలి, అందులో డ్యూటీలో మళ్లీ చేరే తేదీ ఉండాలి. పరీక్ష ఒక్కరోజే అయితే రెండు నెలల బస ఎందుకని అడుగుతారు. వారం, పది రోజుల ప్రయాణానికి ఆ ప్రశ్న రాదు.

సమస్య: పరీక్ష దగ్గరపడింది, వీసా రాలేదు

ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి మామూలుగా 3 వారాలు. పరీక్ష జూన్ 20న ఉండి, జూన్ 16న బయల్దేరేట్టయితే మార్చి 16 నుంచి దారి తెరిచినట్టే. మార్చిలోనే వేస్తే ఏప్రిల్ మూడో వారానికి తిరస్కరణ వచ్చినా రెండోసారి వేయడానికి వ్యవధి ఉంటుంది. మేలో వేస్తే ఉండదు. ఈ వీసాకు మామూలుగా అప్పీలు హక్కు లేదు, మళ్లీ ఫీజు కట్టి కొత్త అప్లికేషన్ వేయడమే. పాత తిరస్కరణను అందులో తప్పక చెప్పండి. దాచినట్టు తేలితే పదేళ్ల నిషేధం పడొచ్చు.