భార్య పేరున ఇల్లు కొనేటప్పుడు డబ్బు లెక్క ముందే ఎలా రాసి పెట్టుకోవాలి?

గోదావరి డెల్టాలో భార్య పేరున ఇల్లు కొనేవారు ఎక్కువగా రెండు లాభాలు ఆశిస్తారు. ఆడవారి పేరున రాయించుకుంటే స్టాంపు ఖర్చు తగ్గుతుందన్నది ఒకటి, అద్దె ఆమె ఖాతాలో పడుతుంది కనుక భర్తకు పన్ను ఉండదన్నది రెండోది. మొదటి లాభం మన రాష్ట్రంలో లేదు. రెండోది ఇంటికి పెట్టిన డబ్బు ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. దస్తావేజులో ఎవరి పేరుంటే ఇల్లు వారిదే అవుతుంది కానీ, ఆదాయపు పన్ను మాత్రం ఆ ఇంటికి పెట్టిన డబ్బు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వారి వెంట వెళ్తుంది. ఈ తేడా తెలియక కొన్న తరువాత కాగితాలు వెతుక్కోవడం కంటే, బజానా ఇవ్వడానికి ముందే లెక్క రాసి పెట్టుకోవడం మంచిది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాలకొల్లులో ఒక ఇంటి ధర 40 లక్షల రూపాయలు. భర్త ఉద్యోగి, భార్యకు సొంత సంపాదన లేదు. అయితే పెళ్లిలో పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఆమెకు రాసి ఇచ్చిన 40 సెంట్ల వరిచేను అమ్మగా 17 లక్షల 20 వేలు వచ్చాయి. మిగిలినది భర్త పొదుపు నుంచి పెడతారు. ఇల్లు పూర్తిగా భార్య పేరునే రాయించాలని ఇద్దరి నిర్ణయం.

మొదటి మెట్టు: రిజిస్ట్రేషన్ ఖర్చు తేల్చుకోవడం

ఆంధ్రప్రదేశ్‌లో విక్రయ దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. కొనేది ఆడవారైనా మగవారైనా రేటు ఒకటే. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద ఈ లెక్క వేస్తారు. మన ఉదాహరణలో మార్కెట్ విలువ ధరకంటే ఎక్కువ కాదనుకుంటే స్టాంపు సుంకం 2 లక్షలు, బదిలీ సుంకం 60 వేలు, రిజిస్ట్రేషన్ రుసుము 40 వేలు, కలిపి 3 లక్షలు అవుతుంది. అంటే ఇంటికి పెట్టవలసిన మొత్తం 43 లక్షలు.

మహిళలకు తగ్గింపు ఇచ్చే రాష్ట్రాలు వేరే ఉన్నాయి. ఢిల్లీలో ఆడవారికి మగవారికంటే 2 శాతం తక్కువ అన్న తేడా చాలాకాలంగా ఉంది. మహారాష్ట్రలో 2021 నుంచి నివాస గృహాన్ని మహిళ పేరున కొంటే 1 శాతం తగ్గిస్తున్నారు. కొనుగోలుదారుల్లో మగవారి పేరు కూడా చేరితే ఆ తగ్గింపు అక్కడ వర్తించదు. తగ్గింపు ఆస్తి ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి వస్తుంది, కొనేవారు ఏ ఊరి వారన్న దాన్ని బట్టి కాదు. పుణెలో ఉద్యోగం చేస్తున్న తణుకు అమ్మాయి అక్కడే ఫ్లాటు కొంటే ఆమెకు తగ్గింపు అందుతుంది, అదే అమ్మాయి తణుకులో కొంటే అందదు.

రెండో మెట్టు: ఎవరి సొమ్ము ఎంతో విడదీయడం

అసలు పని ఇక్కడే ఉంది. భార్యాభర్తల మధ్య బహుమతికి పన్ను లేదు. ఎంత పెద్ద మొత్తమైనా పుచ్చుకున్నవారి ఆదాయంగా లెక్కించరు. చాలామంది ఈ మాట ఇంతవరకే విని ఆగిపోతారు. బహుమతి మీద పన్ను లేకపోయినా, ఆ బహుమతితో సంపాదించిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవారి ఆదాయంలోనే కలపాలని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 64వ సెక్షన్ చెబుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలోనూ ఇదే నియమం కొనసాగుతుంది. తగిన ప్రతిఫలం లేకుండా ఆస్తిని జీవిత భాగస్వామికి ఇచ్చినప్పుడు ఇది వర్తిస్తుంది. అది నేరుగా ఇచ్చినా, మరొకరి చేతి మీదుగా ఇచ్చినా ఫలితం ఒకటే.

‘మరొకరి చేతి మీదుగా’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. భర్త డబ్బు బావమరిదికిచ్చి, ఆయన తన అక్కకో చెల్లెలికో ఇచ్చినట్టు చూపే ఏర్పాటు ఈ నియమం ముందు నిలవదు. మద్రాసులో ఒక కుటుంబం ఇల్లు కొన్నప్పుడు మామగారు కోడలికి, కొడుకు తన తల్లికి డబ్బు ఇచ్చినట్టు రాసుకున్నారు. చేతులు మార్చి ఇచ్చినా అది ఎవరి భార్యకు వారు ఇచ్చినట్టేనని 1963లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పుట్టింటి సొమ్ము ఈ నియమం పరిధిలోకి రాదు. తండ్రి, తల్లి, అన్నదమ్ములు ఆడపిల్లకు నిజంగా తమ డబ్బు ఇస్తే దానికి పన్ను లేదు, దాని మీద వచ్చే ఆదాయం పూర్తిగా ఆమెదే. అత్తమామలు ఇచ్చిన సంగతి అలా కాదు. కోడలికిచ్చిన ఆస్తి మీద ఆదాయాన్ని ఇచ్చిన అత్తగారి లేదా మామగారి ఆదాయంలోనే కలుపుతారు.

మన ప్రాంతంలో తరచుగా వచ్చే చిక్కు పసుపు కుంకుమల పొలంలోనే ఉంది. చాలా ఇళ్లలో ఆ పొలాన్ని నోటిమాటగా ఇస్తారు, పాసుపుస్తకం తండ్రి పేరునే ఉండిపోతుంది. పొలం అమ్మినప్పుడు సంతకం తండ్రిది, డబ్బు పడేది కూడా తండ్రి ఖాతాలోనే. అటువంటప్పుడు తండ్రి ఖాతా నుంచి కూతురి ఖాతాకు బ్యాంకు ద్వారా పంపించి, బహుమతిగా ఇచ్చినట్టు ఒక కాగితం రాసుకోవాలి. ఆ డబ్బు అల్లుడి ఖాతాలో పడి అక్కడి నుంచి ఇల్లు అమ్మినవారికి వెళ్తే, అది భార్య సొమ్మని తరువాత రుజువు చేయడం చాలా కష్టమవుతుంది. మన ఉదాహరణలో పొలం భార్య పేరున దస్తావేజు ద్వారా వచ్చింది, అమ్మిన సొమ్ము ఆమె ఖాతాలోనే పడింది కనుక ఆ ఇబ్బంది లేదు.

కనుక 43 లక్షల్లో భార్య వాటా 17 లక్షల 20 వేలు, అంటే 40 శాతం. భర్త ఇచ్చేది 25 లక్షల 80 వేలు, అంటే 60 శాతం. ఈ రెండు శాతాలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇల్లు ఉన్నంత కాలం వీటితో పని పడుతుంది.

మూడో మెట్టు: బహుమతిని కాగితం మీద పెట్టడం

డబ్బు బహుమతికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఖాతా నుంచి ఖాతాకు పంపితే చాలు. ఇల్లే బహుమతిగా ఇస్తే మాత్రం రిజిస్టరైన దస్తావేజు తప్పదు. డబ్బుకు ఇలా నాలుగు వాక్యాల కాగితం రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, ఇద్దరు సాక్షుల చేత కూడా చేయించుకుంటే సరిపోతుంది:

‘నేను నా భార్యకు మా ప్రేమానురాగాల వలన 25,80,000 రూపాయలు బహుమతిగా ఇచ్చాను. ఈ సొమ్ము నా జీతపు పొదుపులోనిది. ఫలానా తేదీన నా ఖాతా నుంచి ఆమె ఖాతాకు బదిలీ అయింది. దీన్ని తిరిగి ఇవ్వవలసిన అవసరం లేదు.’

చివరి వాక్యం వదిలేయకండి. అది లేకపోతే రేపు అది అప్పా, బహుమతా అన్న ప్రశ్న వస్తుంది. బ్యాంకు బదిలీ సంఖ్యను కూడా కాగితం అడుగున రాయండి. భర్త పొదుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలిగితే బినామీ అన్న అనుమానానికీ తావుండదు, ఎందుకంటే తెలిసిన ఆదాయ మార్గాల నుంచి భార్య పేరున కొన్న ఆస్తిని బినామీ చట్టమే మినహాయించింది.

దీన్ని బహుమతిగా కాక అప్పుగా ఇవ్వడం కూడా ఒక మార్గమే. వడ్డీతో సహా భార్య నిజంగా తీరుస్తూ ఉంటే అద్దె మొత్తం ఆమె ఆదాయమే అవుతుంది, వడ్డీ మాత్రం భర్త ఆదాయంలో చూపాలి. తీర్చే స్తోమత, తీర్చిన ఆనవాళ్లు లేని అప్పుపత్రం ఎవరినీ నమ్మించలేదు. సొంత ఆదాయం లేని మన ఉదాహరణలోని భార్యకు ఈ దారి పనికిరాదు.

నాలుగో మెట్టు: అమ్మినవారికి భార్య ఖాతా నుంచే చెల్లించడం

రెండు మొత్తాలూ భార్య ఖాతాలోకి చేరిన తరువాత అగ్రిమెంటు నుంచి చివరి వాయిదా దాకా ప్రతి రూపాయీ ఆ ఖాతా నుంచే వెళ్లాలి. స్టాంపు సుంకం చలానా కూడా అక్కడి నుంచే కట్టండి. బజానాను నగదుగా ఇచ్చే అలవాటు మనకు ఉంది కానీ, స్థిరాస్తి కొనుగోలులో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని చట్టం నిషేధించింది, జరిమానా తీసుకున్నవారిపై పడుతుంది. దస్తావేజు లేఖరి చేత ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, బ్యాంకు వివరాలు దస్తావేజులో రాయించండి. ఇంటి ధర 50 లక్షలు లేదా అంతకుమించితే కొనేవారు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. మన ఇల్లు 40 లక్షలే కనుక ఆ పని లేదు.

భర్త బ్యాంకు రుణం తీసుకోవాలనుకుంటే ఇక్కడే మరొకసారి ఆలోచించాలి. ఇల్లు భార్య ఒక్కరి పేరునే ఉండి, వాయిదాలు భర్త కడుతుంటే, యజమాని కాని కారణంగా వడ్డీ, అసలు మినహాయింపులను ఆయన అడగడం కుదరదు. పాత పన్ను విధానంలో ఆ మినహాయింపు కావాలనుకునేవారు ఇద్దరి పేర్లతో కొని, ఇద్దరూ రుణంలో ఉండాలి.

ఐదో మెట్టు: ప్రతి సంవత్సరం అద్దెను పంచుకోవడం

ఇంట్లో తామే ఉంటే ఆదాయం సున్నా, కలపవలసింది కూడా సున్నా. హైదరాబాదులో ఉంటూ సంక్రాంతికి మాత్రమే తలుపులు తీసే ఇంటికైనా అద్దె లేదు కనుక, రెండు ఇళ్ల వరకు ఇదే లెక్క వర్తిస్తుంది.

అద్దెకు ఇస్తే లెక్క మొదలవుతుంది. నెలకు 15 వేల చొప్పున సంవత్సరానికి 1,80,000 వచ్చిందనుకోండి. కట్టిన ఇంటి పన్ను 5 వేలు తీసేస్తే 1,75,000. అందులో చట్టం ఇచ్చే 30 శాతం మినహాయింపు 52,500 పోగా మిగిలేది 1,22,500. ఇందులో 60 శాతం, అంటే 73,500 భర్త ఆదాయంలో చేరుతుంది. మిగిలిన 49,000 భార్యది. భర్త 20 శాతం శ్రేణిలో ఉంటే 14,700, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 15,288 రూపాయలు కట్టాలి. అద్దె భార్య ఖాతాలో పడినా, అద్దె ఒప్పందం ఆమె పేరున ఉన్నా ఈ లెక్క మారదు. భర్త తన పన్ను రిటర్ను ఐటీఆర్-2లో Schedule SPI అనే పట్టికలో ఆమె పాన్ రాసి, తన ఆదాయంలో చేరే 73,500ను చూపాలి.

ఒక ఊరట ఉంది. ఆ అద్దెను భార్య డిపాజిట్ వేసుకుంటే, దాని మీద వచ్చే వడ్డీ ఆమె సొంత ఆదాయమే. ఇచ్చిన సొమ్ము తెచ్చిన ఆదాయం మాత్రమే భర్త ఆదాయంలో కలుస్తుంది, ఆ ఆదాయం మళ్లీ సంపాదించినది కలవదు. అందుకే అద్దె పడే ఖాతాను ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకుండా వేరుగా ఉంచమని నేను గట్టిగా చెబుతాను.

అమ్మేటప్పుడు కూడా ఇవే శాతాలు

కొన్నాళ్లకు ఇల్లు 60 లక్షలకు అమ్మారనుకుందాం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కొన్న ఖరీదులో కలుస్తాయి కనుక 43 లక్షలు పోగా లాభం 17 లక్షలు. అందులో 10 లక్షల 20 వేలు భర్త లాభంగా, 6 లక్షల 80 వేలు భార్య లాభంగా లెక్కిస్తారు. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇల్లయితే ఇప్పటి నియమం ప్రకారం రేటు 12.5 శాతం. బహుమతి కాగితం, పొలం అమ్మిన దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అసలు దస్తావేజుతో పాటు అదే బీరువాలో ఉంటేనే భార్య తన 40 శాతాన్ని అడగగలుగుతుంది. అవి లేకపోతే మొత్తం 17 లక్షలూ భర్త లాభమేనని అధికారి లెక్కకట్టే ప్రమాదం ఉంది.

ఇంకొక్క మాట భర్తలకు. పన్ను మీ వెంట వచ్చినంత మాత్రాన ఇల్లు మీది కాదు. దస్తావేజు ప్రకారం దాని పూర్తి యజమాని ఆమె. అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా సంతకం ఆమెదే.