ప్రింటర్ ఆన్ చేస్తేనే నెట్ పోతోంది: ఇంట్లో ఐపీ అడ్రస్ గొడవ

గుంటూరులో మా అక్కావాళ్లింటి నుంచి బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ల్యాప్‌టాప్‌లో ఏదో ఎర్రర్ వస్తోంది, నెట్ ఆగిపోతోంది. రూటర్ ఆపి మళ్లీ వేస్తే బాగవుతుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే పాట." ఎర్రర్ చదవమంటే ఇలా చదివాడు:

```
Windows has detected an IP address conflict
```

ఒకే ఇంట్లో రెండు పరికరాలు ఒకే అడ్రస్ వాడుతున్నాయని దీనర్థం. మ్యాక్ కంప్యూటర్ అయితే వేరే పరికరం మీ అడ్రస్ వాడుతోందని ఆ నంబరు కూడా చూపిస్తుంది. ఫోన్లు, టీవీలు చాలావరకు ఏమీ చెప్పవు. వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, వీడియో మాత్రం తిరుగుతూ ఉంటుంది.

నేను అడిగింది ఒక్కటే: "మెసేజ్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు?" బావకి గుర్తు లేదు. వెనకనుంచి మేనకోడలు అంది: "మామయ్యా, నేను ప్రాజెక్టు ప్రింట్ తీసుకుందామని ప్రింటర్ ఆన్ చేశాను." సగం పని అక్కడే అయిపోయింది.

అడ్రస్ ఎవరిస్తారు?

ఇంట్లో ప్రతి పరికరానికీ 192.168.1.7 లాంటి ఒక నంబరు ఉండాలి. దాన్ని మనం ఇవ్వనక్కర్లేదు, రూటర్ ఇస్తుంది. ఈ పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. ఫోన్ వైఫైకి తగలగానే "నాకో నంబరు కావాలి" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. రూటర్ ఒక నంబరు చూపిస్తుంది, ఫోన్ సరే అంటుంది, రూటర్ ఖాయం చేసి తన పట్టికలో రాసుకుంటుంది. ఆ నంబరు శాశ్వతం కాదు, లీజు. గడువు 24 గంటలని పెట్టి ఉంటే సగం గడిచేసరికి, అంటే 12 గంటలకి, ఫోన్ తనంతట తానే పొడిగింపు అడుగుతుంది. రూటర్ సరే అంటే లెక్క మళ్లీ మొదట్నుంచి. అందుకే లీజు ఉన్న సంగతే మనకి తెలియదు.

పెళ్లివారి విడిది గుర్తు చేసుకోండి. తాళాలు మేనేజర్ దగ్గరుంటాయి. వచ్చినవాళ్లకి రిజిస్టర్‌లో రాసి గది ఇస్తాడు. ఈలోగా ఒక పెదనాన్నగారు ఎవర్నీ అడక్కుండా తిన్నగా 5వ నంబరు గదిలోకి వెళ్లి సామాను పెట్టేసుకుని, ఊళ్లోకి వెళ్లారు. రిజిస్టర్‌లో ఆ గది ఖాళీయే. మేనేజర్ ఇంకొకరికి ఇచ్చేశాడు. తప్పు మేనేజర్‌ది కాదు, పుస్తకంలో లేనిది అతనికి తెలియదు. పెదనాన్నగారు తిరిగొచ్చినప్పుడే గొడవ.

మా బావ ఇంట్లో ఆ పెదనాన్న ప్రింటర్. దాన్ని బిగించిన కుర్రాడు "నంబరు మారితే ప్రింట్ రాదు సార్" అని ప్రింటర్ మెనూలోకి వెళ్లి 192.168.1.5 అని చేత్తో కొట్టి పెట్టాడు. ఉద్దేశం మంచిదే. కానీ రూటర్ పంచే నంబర్లు 192.168.1.2 నుంచి 192.168.1.254 దాకా. 5 వాటి మధ్యలోనే ఉంది. చేత్తో పెట్టిన నంబరు గురించి రూటర్‌కి ఎవరూ చెప్పరు, ప్రింటరూ చెప్పదు.

మరి రోజూ ఎందుకు రాదు?

నంబరు ఇచ్చేముందు చాలా రూటర్లు "ఇక్కడ ఎవరైనా ఉన్నారా" అని తట్టి చూస్తాయి. నంబరు అందుకున్న విండోస్ కూడా వాడే ముందు ఒకసారి అడుగుతుంది, జవాబొస్తే ఆ నంబరు వద్దని తిప్పి పంపి వేరేది అడుగుతుంది. ప్రింటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఈ తనిఖీలే కాపాడుతూ వచ్చాయి. ప్రింటర్ ఆఫ్‌లో ఉంటే మాత్రం ఎవరు తట్టినా పలికేవాళ్లు లేరు.

ఇక్కడ కరెంటు కోత కథలోకి వస్తుంది. చాలా ఇళ్ల రూటర్లు లీజు పట్టికని తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంచుకుంటాయి. కరెంటు పోతే పట్టిక ఖాళీ. రాగానే, బావ ఇంట్లోని రూటర్ లాంటివి, మళ్లీ మొదట్నుంచి వరసగా పంచడం మొదలుపెడతాయి. నాలుగో వాడిగా ఎవరు అడిగితే వాళ్లకి 5. ఒకసారి అది ల్యాప్‌టాప్, ఇంకోసారి టీవీ. నష్టపోయేవాడు మారుతుంటాడు కాబట్టి కారణం ఒకటేనని తట్టదు. సాయంత్రం ప్రింటర్ స్విచ్ వేయగానే అది నేరుగా 5 మీద కూర్చుంటుంది, మెసేజ్ పడుతుంది.

అప్పుడు బావ రూటర్ ఆపి వేస్తాడు. ప్రింటర్ వెలిగే ఉంది కాబట్టి ల్యాప్‌టాప్‌కి ఈసారి వేరే నంబరు వస్తుంది. బాగైపోయిందనుకుంటాడు. మర్నాడు కరెంటు పోయొచ్చేసరికి ప్రింటర్ ఆఫ్‌లో ఉంటుంది. రూటర్ ఆపి వేయడం మందు కాదు, పట్టిక చెరిపేసే పనే అది కూడా.

రెండోవాడు ఎవరో పట్టుకోవడం

మెసేజ్ వచ్చిన ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ipconfig /all
```

వైఫై భాగంలో `IPv4 Address` వరస చూడండి. నంబరు పక్కన `(Preferred)` ఉంటే మామూలే, `(Duplicate)` ఉంటే గొడవ ఆ నంబరు మీదే. అసలు 169.254 తో మొదలయ్యే నంబరు కనిపిస్తే విండోస్ విసిగి తనకి తానే ఒకటి పెట్టుకుందని అర్థం, దాంతో నెట్ రాదు. `DHCP Enabled` ఎదురుగా `Yes` ఉంటే ఈ ల్యాప్‌టాప్ పద్ధతిగా తీసుకున్నదే. `No` ఉంటే చేత్తో నంబరు పెట్టింది ఇక్కడే, దొంగ ఇంట్లోనే దొరికినట్టు.

తర్వాత ఆ ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, ఇంకో కంప్యూటర్ నుంచి అదే నంబరుని పిలవండి.

```
ping 192.168.1.5
arp -a 192.168.1.5
```

పింగ్‌కి జవాబు రాకపోయినా కంగారు వద్దు, ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుని ఉండొచ్చు. రెండో కమాండ్ ముఖ్యం. ఒకే వైఫైలో ఉన్న పరికరం పింగ్‌ని పట్టించుకోకపోయినా "ఈ నంబరు ఎవరిది" అన్న ప్రశ్నకి జవాబివ్వక తప్పదు. మేనకోడలి కంప్యూటర్‌లో ఇలా వచ్చింది (చివరి వివరాలు మార్చి రాశాను):

```
Internet Address      Physical Address      Type
192.168.1.5           00-00-5e-00-53-1c     dynamic
```

మధ్యలోది మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరానికి తయారీలోనే వేసిన గుర్తింపు నంబరు. ప్రింటర్ వెనక స్టిక్కర్ మీదో, నెట్‌వర్క్ వివరాల ప్రింట్ కాగితం మీదో ఉన్నదాంతో పోల్చండి. కలిసింది. కంప్యూటర్ లేనివాళ్లకి ఇంకో దారి: ఫోన్ బ్రౌజర్‌లో `http://192.168.1.5` అని కొట్టండి. ప్రింటర్, సీసీ కెమెరా రికార్డర్ లాంటివైతే సాధారణంగా వాటి సొంత పేజీ తెరుచుకుంటుంది.

బాగు చేయడం

ఇప్పటికిప్పుడు పని జరగాలంటే ప్రింటర్ ఆన్‌లో ఉండగానే ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ చాలు:

```
ipconfig /release
ipconfig /renew
```

శాశ్వతంగా పోవాలంటే రెండు దారులు. నేను ఎప్పుడూ మొదటిదే చేస్తాను.

మొదటిది, నంబరు నిర్ణయం రూటర్‌కే వదలడం. ప్రింటర్ మెనూలో ఐపీ సెట్టింగుని ఆటో లేదా డీహెచ్‌సీపీ అని మార్చాలి. తర్వాత రూటర్ పేజీలో ఈ మ్యాక్ అడ్రస్‌కి ఎప్పుడూ ఈ నంబరే ఇవ్వమని రాయాలి. కంపెనీని బట్టి ఆ మెనూ `Address Reservation` అనో, `Static DHCP` అనో, `Static Lease` అనో ఉంటుంది. ఈ జాబితా లీజు పట్టికలా కరెంటు పోతే చెరిగిపోదు, సెట్టింగుల్లో ఉంటుంది. విడిది రిజిస్టర్‌లో 5వ గది పెదనాన్నగారిదని ముందే రాసి పెట్టినట్టు. ఆయన వచ్చినా రాకపోయినా ఇంకొకరికి ఇవ్వరు.

రెండోది, చేత్తోనే పెట్టాలనుకుంటే (కొన్ని పాత కెమెరా రికార్డర్లతో తప్పదు), రూటర్ పంచే వరసని కుదించడం. రూటర్ పేజీలో మొదలు 192.168.1.100, చివర 192.168.1.200 అని పెట్టండి. అప్పుడు 2 నుంచి 99 దాకా మీ సొంతం. ప్రింటర్‌కి 192.168.1.20 ఇవ్వండి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే రూటర్ నంబరు, అంటే సాధారణంగా 192.168.1.1. వరస కుదించాక పాత లీజులున్న పరికరాలు కొన్నాళ్లు పాత నంబర్లతోనే తిరుగుతాయి. అన్నిటినీ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఇక్కడ మాత్రం రీస్టార్ట్‌కి అర్థముంది.

ప్రింటర్ నంబరు మారితే కంప్యూటర్లలో ప్రింటర్‌ని కొత్త నంబరుతో మళ్లీ చేర్చాల్సి రావచ్చు. అందుకే బావ ఇంట్లో ఆ 5నే రిజర్వ్ చేశాను. ముందు ల్యాప్‌టాప్ దగ్గర 5 లేకుండా చూసుకుని, తర్వాత ప్రింటర్‌ని ఆటోకి మార్చి, ఆపి మళ్లీ వేశాం. ఎవరి కంప్యూటర్‌లోనూ ఏమీ మార్చక్కర్లేకపోయింది.

ఫోన్‌కి నంబరు రిజర్వ్ చేసేవాళ్లకి ఒక చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు గోప్యత కోసం అసలు మ్యాక్ అడ్రస్ దాచి కల్పిత అడ్రస్ చూపిస్తాయి. స్టిక్కర్ మీదదో, ఫోన్ పెట్టె మీదదో రాస్తే రిజర్వేషన్ పనిచేయదు. మన ఇంటి వైఫైకి మాత్రం ఆ సౌకర్యం ఆపి, అప్పుడు రూటర్ పేజీలో కనిపించే అడ్రస్‌నే రాయాలి. మ్యాక్ అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, A, E లలో ఏదైనా అయితే అది కల్పితమై ఉండే అవకాశం ఎక్కువ.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

మేడ మీద సిగ్నల్ కోసం పాత రూటర్ ఏమైనా తగిలించారా? అదీ 192.168.1.1, కిందదీ 192.168.1.1 అయితే గొడవ గేట్‌వే దగ్గరే. మెసేజ్ ఏ ఒక్కరికో రాదు, ఇల్లంతా నెట్ వస్తూ పోతూ ఉంటుంది. పైగా ఇద్దరు మేనేజర్లు, రెండు రిజిస్టర్లు. పాతదాన్ని విడిగా ఒక ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపి, దాని అడ్రస్ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపేసి, కింద నుంచి వచ్చే కేబుల్‌ని దాని వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. ఆ 2 కింది రూటర్ పంచే వరసలో ఉండకూడదు.

బావ ఇంట్లో రెండు నెలలు మెసేజ్ లేదు. ఈమధ్య ఇంటర్నెట్‌వాళ్లు వచ్చి పెట్టె మార్చి వెళ్లారు. మర్నాడే ఫోన్. కొత్త పెట్టెలో రిజర్వేషన్ లేదు కదా, ప్రింటర్‌కి ఏదో కొత్త నంబరు వచ్చింది, ప్రింట్ రావడం లేదు. ఈసారి గొడవ కాదు, వట్టి చిరునామా మార్పే. స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్ మేనకోడలు చదువుతుంటే బావ కొట్టాడు. తర్వాత ఆ అడ్రస్‌నీ, 192.168.1.5 నీ కాగితం మీద రాసి రూటర్ కింద టేపుతో అంటించమన్నాను.