స్లైడ్ల నుంచి రూబ్రిక్: చివరికి పని చేసిన పద్ధతి (నా అనుభవం)

క్లాసు స్లైడ్లలో ఇచ్చిన అసైన్‌మెంట్‌కు రూబ్రిక్, అంటే ఏ ప్రమాణానికి ఏ లెవెల్ ఇవ్వాలో చెప్పే పట్టిక, కావాల్సి వచ్చింది. దిద్దే ఇద్దరిలో ఒకే రిపోర్టుకు ఒకరు 6, ఇంకొకరు 9 వేస్తున్నారు. రెడీమేడ్ టెంప్లేట్లు, ‘బాగుంది, చాలా బాగుంది’ లాంటి మాటలు, పది లెవెళ్లు, ఏవీ పనికి రాలేదు.

పని చేసింది ఇది. ముందు స్లైడ్లలోని క్రియలకు మాత్రమే గీత గీయాలి. ‘గుంటూరు మిర్చి యార్డు ధరల హెచ్చుతగ్గులకు రెండు కారణాలు అంకెల ఆధారంతో విశ్లేషించి, రైతుకు ఒక సూచన ఇవ్వండి’ అని ఉందనుకోండి. విశ్లేషించడం ఒక ప్రమాణం, సూచన ఇంకొకటి. పేజీల పరిమితి, గడువు లాంటివి లెవెళ్లలోకి రావు. అవి అవును, కాదు అని టిక్ పెట్టేవి. కలిపితే ఆలస్యంగా ఇచ్చిన మంచి విశ్లేషణకు విశ్లేషణలోనే మార్కులు పోతాయి.

తర్వాత ప్రతి ప్రమాణానికీ నాలుగు లెవెళ్లలో మూడోది ముందు రాయాలి, ఎందుకంటే స్లైడు అడిగింది సరిగ్గా అదే. విశ్లేషణకైతే: ‘రెండు కారణాలు, ప్రతిదానికీ ధర లేదా యార్డుకు వచ్చిన సరుకు అంకెల ఆధారం’. నాలుగోది: ‘ఏ కారణం బలమైనదో అంకెలతో తేల్చారు’. రెండోది: ‘కారణాలున్నాయి, అంకెలతో ముడి లేదు’. ఒకటోది: ‘ధరల పట్టిక మాత్రమే’. ఒక లెవెల్‌కీ ఇంకోదానికీ తేడాను రిపోర్టు పేజీ మీద వేలుపెట్టి చూపించగలగాలి. లేకపోతే ఆ వాక్యం తిరగరాయాల్సిందే.

ఆఖరున పాత రిపోర్టులు రెండు మూడు ఇద్దరూ విడివిడిగా దిద్ది చూడండి. ఏ ప్రమాణంలో లెవెల్ తేడా వస్తే ఆ వరుసే మార్చాలి.

రాత రిపోర్టులకు ఇది నిలబడింది. వైవాకు, డిజైన్ పనికి ఇంతే బాగా కుదురుతుందని చెప్పలేను. క్లాసులో నోటిమాటగా చెప్పినవి స్లైడ్లలో దొరకవు, వాటిని మేష్టారినే అడగాలి.